“నీళ్లు సరిగ్గా రావడం లేదు”: ఒక్క వాక్యంలో దాగిన మూడు ఫిర్యాదులు

2024 అక్టోబరు 16న బెంగళూరుకు కావేరి నీళ్లు తెచ్చే ఐదో దశ మొదలైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా నగరానికి ఎక్కించే పథకం అది. 2007లో బెంగళూరులో కలిసిన 110 గ్రామాల కోసమే ప్రధానంగా కట్టారు. మహదేవపుర, కేఆర్ పురం, మారతహళ్లి చుట్టుపక్కల లేఅవుట్లలో అనంతపురం నుంచీ చిత్తూరు నుంచీ కోస్తా జిల్లాల నుంచీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక ట్యాంకరు పీడ వదిలినట్టేనని వాళ్లలో చాలామంది అనుకున్నారు. పైపు వచ్చింది, మీటరు వచ్చింది, బిల్లూ వచ్చింది. నీళ్లు మాత్రం వాటికి తోచినప్పుడు వస్తున్నాయి.

అప్పుడు లేఅవుట్ సంఘం ఒక అర్జీ రాస్తుంది. ఆ అర్జీలో సాధారణంగా ఉండే వాక్యం: “గత కొన్ని నెలలుగా మా ప్రాంతానికి నీరు సక్రమంగా రావడం లేదు, తగు చర్య తీసుకోగలరు.” అర్జీ ఆఫీసుకు చేరుతుంది. “పరిశీలిస్తాం” అన్న మాట వస్తుంది. నాలుగు రోజులు నీళ్లు బాగా వచ్చి మళ్లీ మొదటికొస్తాయి. తప్పంతా అధికారుల నిర్లక్ష్యానిదేనని తేల్చేయడం తేలిక, కొన్నిచోట్ల అది నిజం కూడా. కానీ ఆ వాక్యానికి ఇంతకంటే మంచి జవాబు ఇవ్వడం శ్రద్ధ ఉన్న ఇంజనీరుకైనా కష్టమే. ఎందుకో ఈ వ్యాసంలో చూద్దాం.

కనెక్షన్ ఒకటి, సరఫరా మరొకటి

బెంగళూరుకు కావేరి నీళ్లు వచ్చేది తొరెకాడనహళ్లి నుంచి. సుమారు 100 కిలోమీటర్ల దూరం, దాదాపు 500 మీటర్ల ఎత్తు. దారిలో హారోహళ్లి దగ్గరా తాతగుణి దగ్గరా మళ్లీ పంపింగు చేసి పైకి తోస్తారు. నగరానికి చేరిన నీరు భూమట్టం మీదున్న పెద్ద రిజర్వాయర్లలో నిండుతుంది. అక్కడి నుంచి ప్రాంతాలవారీగా వంతులు వేసి వదులుతారు. ఏ వీధి వాల్వు ఎప్పుడు తిప్పాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో చూసుకునే మనిషి వాల్వ్‌మన్. లేఅవుట్ వాసులకు నగర నీటి బోర్డు జలమండలి అంటే ఆచరణలో ఆయనే.

కాబట్టి ఇంటి ముందు పైపు ఉన్నంత మాత్రాన నీళ్లు ఉన్నట్టు కాదు. దానికి ఒక రోజు, ఒక వ్యవధి, ఒక ప్రెషరు ఉంటాయి. ఈ మూడింటిలో ఏది చెడినా ఇంట్లో కనిపించేది ఒకటే, ఖాళీ సంపు. చెడిన ఒక్కోదానికీ కారణం వేరు, మందు వేరు. రోజు తప్పితే రిజర్వాయరుకే నీళ్లు చేరి ఉండకపోవచ్చు, లేదా వంతు మారి ఉండొచ్చు. వ్యవధి తగ్గితే వాల్వు ముందే కట్టేస్తుండాలి, లేదా అదే వాల్వు కింద కొత్తగా వీధులు చేరి ఉండాలి. ప్రెషరు లేకపోతే సంగతి భూమి లోపలిది: సగం తెరుచుకున్న వాల్వు, లీకు, సన్న పైపు, లేదా ఎవరో పైపుకే బిగించిన మోటారు.

రంగు మారిన నీళ్లు, మురుగు వాసన ఈ లెక్కలోకి రావు. ఆ సంగతి కనబడితే అది అత్యవసరం. ఫోన్ నంబరు 1916కు చెప్పి, నమూనా పరీక్ష కోరుతూ విడిగా అర్జీ ఇస్తారు. రెండూ ఒకే కాగితంలో కలిపితే వాసన సంగతి “సరఫరా సమస్య” కింద ఫైలులో కలిసిపోతుంది.

ఏ ఆఫీసు తలుపు తట్టాలి

మునిసిపల్ ఆఫీసంటే నగరపాలికే అనుకోవడం సహజం. బెంగళూరులో అలా కాదు. నీటి సరఫరా, మురుగు నీటి పారుదల 1964 నాటి చట్టంతో ఏర్పడిన ప్రత్యేక బోర్డు చేతిలో ఉన్నాయి. దాన్నే అందరూ జలమండలి అంటారు. 2025లో పాత మహానగర పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. మా కార్పొరేషను మారింది కదా, నీళ్ల ఆఫీసూ మారిందా అని అడిగేవాళ్లు ఎదురవుతూనే ఉన్నారు. మారలేదు. నీళ్లు ఇప్పటికీ జలమండలివే.

జలమండలిలో కింది మెట్టు సర్వీస్ స్టేషన్. దాని పైన సబ్ డివిజన్, అక్కడ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆ పైన డివిజన్, అక్కడ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. వంతులు మార్చే పని, వాల్వు తనిఖీ, లీకు వెతకడం సబ్ డివిజన్ స్థాయిలో తేలిపోతాయి. పెద్ద పైపు వేయడం, రిజర్వాయరుకు ఎక్కువ నీళ్లు కేటాయించడం ఆ కుర్చీకి మించినవి. సంఘాలు చాలాసార్లు నేరుగా ఛైర్మన్‌కో మంత్రికో రాస్తాయి. ఆ కాగితం మెట్టు మెట్టూ దిగి చివరికి అదే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు బల్ల మీదికి వస్తుంది, రెండు వారాలు ఆలస్యంగా. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు అర్జీని సబ్ డివిజన్ పేరునే రాసి, ప్రతులు పై అధికారికి పంపుతారు. కార్పొరేషన్ వార్డు ఇంజనీరుకూ ఒక ప్రతి వెళ్తుంది, రోడ్డు తవ్వాలంటే అనుమతి ఇవ్వాల్సింది వాళ్లే కాబట్టి.

28 రోజుల లెక్క ఏం చెబుతుంది

ఉదాహరణకు ఒక ఊహాత్మక లేఅవుట్ తీసుకుందాం. మూడు క్రాసులు, అంటే అడ్డవీధులు, క్రాసుకు 20 ఇళ్లు, ఇంటికి నలుగురు. ప్రకటించిన వంతు రోజు విడిచి రోజు, పొద్దున 5 నుంచి 7 దాకా. అంటే 28 రోజుల్లో 14 సార్లు, సారికి 120 నిమిషాలు, మొత్తం 1,680 నిమిషాలు.

ఒక్కో క్రాసులో ఇద్దరేసి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు. నీళ్లు మొదలైన సమయం, ఆగిన సమయం, ముందూ తర్వాతా మీటరు రీడింగు మాత్రమే అందులో రాశారు. 28 రోజుల తర్వాత చూస్తే నీళ్లు వచ్చింది 9 సార్లు. ప్రతిసారీ సగటున 70 నిమిషాలు. మొత్తం 630 నిమిషాలు. రావాల్సిన దానిలో 1,050 నిమిషాలు తగ్గాయి.

ఈ 1,050ని విడదీయాలి. రాని 5 సార్లలో 2 సార్లు పంపింగు స్టేషన్ల మరమ్మతుకని జలమండలే ముందుగా ప్రకటించింది. అవి 240 నిమిషాలు. వాటిని అర్జీలో తప్పుగా చూపితే ఇంజనీరు ఆ రెండు తేదీలే పట్టుకుని మిగతా లెక్కనంతా పక్కన పెడతాడు. కారణం చెప్పకుండా తప్పినవి 3 సార్లు, అంటే 360 నిమిషాలు. వచ్చిన 9 సార్లూ 50 నిమిషాల చొప్పున ముందే ఆగిపోయాయి కాబట్టి ఇంకో 450 నిమిషాలు.

వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ వినిపించేది “ఈరోజు కూడా రాలేదు” అన్న మాటే. రాని రోజు అందరికీ గుర్తుంటుంది. వచ్చిన రోజు ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడరు, ఎలాగూ సంపులోకి పోతుంది కదా అని. కానీ ముందే ప్రకటించిన ఆ రెండు రోజులు తీసేస్తే, ఈ లెక్కలో ఎక్కువ నష్టం జరిగింది నీళ్లు వచ్చిన రోజుల్లోనే. “రాని రోజులు సరిచేయండి” అని మాత్రమే అడిగే అర్జీ గెలిచినా పెద్ద ముక్క అలాగే మిగిలిపోతుంది.

సగటు కింద కనిపించకుండా పోయిన మూడో క్రాసు

ఇప్పుడు మీటరు రీడింగుల సంగతి. మెయిన్ పైపుకు దగ్గరున్న మొదటి క్రాసులో ఇంటికి నిమిషానికి 12 లీటర్లు వస్తున్నాయి. రెండో క్రాసులో 8. చివరి క్రాసులో 4. 630 నిమిషాలకు లెక్కేసి, 28 రోజులకూ నలుగురికీ పంచితే మొదటి క్రాసులో మనిషికి రోజుకు 67.5 లీటర్లు, రెండో దానిలో 45, మూడో దానిలో 22.5.

లేఅవుట్ సగటు 45 లీటర్లు. అర్జీలో ఈ ఒక్క అంకె రాస్తే చాలనిపిస్తుంది. మురుగు పైపులున్న మహానగరానికి మనిషికి రోజుకు 150 లీటర్లు ఉండాలని కేంద్ర ప్రభుత్వపు 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్ సూచించింది, దాని పక్కన 45 పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయినా సగటు ఇక్కడ అన్యాయం చేస్తుంది.

జలమండలి రేపటి నుంచి వంతు తప్పకుండా, పూర్తి 120 నిమిషాలు నీళ్లు వదిలిందనుకోండి. అదే ధారతో మొదటి క్రాసుకు మనిషికి 180 లీటర్లు అందుతాయి. రెండో దానికి 120. మూడో దానికి 60. సంఘం గెలిచినట్టే, లేఅవుట్ సగటు 120 దాటదు గానీ చెప్పుకోదగ్గదే, చివరి వీధికి మాత్రం ట్యాంకరు తప్పదు. మూడో క్రాసుకు ఉన్నది రెండు జబ్బులు, సమయం ఒకటి, ప్రెషరు ఇంకొకటి. మొదటి క్రాసుకు ఉన్నది ఒకటే.

మీటరు చెప్పినదంతా నీళ్లే అనుకోకూడదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వంతుల వారీ సరఫరాలో నీళ్లు రాని సమయమంతా పైపు గాలితో నిండి ఉంటుంది. వాల్వు తెరవగానే ముందు గాలి తోసుకొస్తుంది, ఆ గాలికి కూడా మీటరు ముల్లు తిరుగుతుంది. అందువల్ల అసలు అందిన నీళ్లు మీటరు చూపిన దానికన్నా తక్కువే ఉండొచ్చు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి నింపి, ఆ కాసేపట్లో మీటరు ఎంత తిరిగిందో పోల్చి చూసినవాళ్లకు ఈ తేడా ఎంతో తెలుస్తుంది. పోల్చి, ఆ తేడాను అర్జీలో దాచకుండా రాసిన సంఘం మీద ఇంజనీరుకు నమ్మకం కలుగుతుంది.

ఇంజనీరు వాదన, దాన్ని పరీక్షించే మార్గం

ఈ లెక్క చూసిన ఇంజనీరు ఒక మంచి ప్రశ్న వేయగలడు: మూడో క్రాసుకు ప్రెషరు సమస్య ఉందని మీకెలా తెలుసు? అది సమయం తక్కువవడం వల్లే అయి ఉండొచ్చు కదా?

ఈ వాదన కొట్టిపారేసేది కాదు. ఒక కుటుంబానికి రెండు రోజులకు, మనిషికి 150 లీటర్ల లెక్కన 1,200 లీటర్లు కావాలి. మొదటి క్రాసులో నిమిషానికి 12 లీటర్ల చొప్పున ఆ సంపు నిండడానికి 100 నిమిషాలు పడుతుంది. నిండగానే ఫ్లోట్ వాల్వు మూసుకుంటుంది, అక్కడి నీళ్లు ముందుకు కదులుతాయి. ఇప్పుడు సరఫరా 70 నిమిషాలకే ఆగుతోంది కాబట్టి పై ఇళ్ల సంపులు ఇంకా లాగుతూనే ఉండగా వాల్వు కట్టేస్తున్నారు. చివరి వీధి వంతు అసలు రావడమే లేదు. పూర్తి రెండు గంటలు ఇస్తే చివరి 20 నిమిషాల్లో మూడో క్రాసు ధార తనంతట తానే పెరగొచ్చు. అలాగైతే పైన చెప్పిన 60 లీటర్లు కొంచెం నిరాశావాదపు లెక్క అవుతుంది.

సంఘం వైపు జవాబు: పై ఇళ్లలో చాలామంది పెద్ద పెద్ద సంపులు కట్టుకున్నారు, అవి 100 నిమిషాలకు నిండవు. రెండూ సాధ్యమే. మాటలతో ఇది తేలదు, ప్రెషరు గేజితో తేలుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే చిన్న గేజి రెండు చోట్ల, మొదటి క్రాసు మొదటి ఇంట్లోనూ మూడో క్రాసు చివరి ఇంట్లోనూ, సంపుకు ముందున్న కుళాయికి బిగించి, పావుగంటకోసారి ఒకే సమయానికి రీడింగు తీస్తారు. గేజి మీద 1 కేజీ అంటే సుమారు 10 మీటర్ల ఎత్తుకు నీరు ఎక్కే బలం. ఆ 1999 నాటి మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇళ్ల ప్రాంతంలో కనీసం 7 మీటర్లు ఉండాలి, అంటే 0.7 కేజీ.

ఒక ఉదయం మొదటి, రెండో క్రాసుల వాళ్లంతా మాట్లాడుకుని తమ గేటు వాల్వులు కట్టేస్తే అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు చివరి ఇంట్లో ముల్లు పైకి లేస్తే ఇంజనీరు మాటే నిజం, సమయం పెంచితే చాలు. పైన ఎవరూ లాగకపోయినా ముల్లు నేలనే ఉంటే పైపులో ఎక్కడో అడ్డమో లీకో ఉన్నట్టు. ఆ రెండో ఫలితం కాగితం మీద పెడితే “సరఫరా తక్కువగా ఉంది, అందరూ సర్దుకోవాలి” అన్న జవాబు చెల్లదు. తవ్వి చూడాల్సిందే.

తమ వాకిట్లోని మోటారు

చాలా అర్జీలు దాటవేసే విషయం ఇది. సర్వీసు పైపుకే మోటారు బిగించి లాగడం నిబంధనలకు విరుద్ధం. అయినా ధార సన్నగా ఉన్న వీధుల్లో ఇది మామూలే. ఒక ఇంట్లో మోటారు ఆన్ అయితే పక్కింటి ధార చస్తుంది, దాంతో పక్కింటివాళ్లూ ఒకటి కొంటారు. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. మోటారు లాగే జోరుకు పైపులో ప్రెషరు బయటి నేలకన్నా తగ్గిపోతే, ఎక్కడైనా చిన్న పగులుంటే దానిలోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది.

అర్జీ ఇచ్చాక తనిఖీకి వచ్చిన అధికారి మొదట చూసేది దీన్నే. సంఘం అధ్యక్షుడి ఇంట్లోనే మోటారు కనిపిస్తే మిగతా సంభాషణ ఎలా సాగుతుందో ఊహించుకోవచ్చు. అందుకే కొన్ని సంఘాలు ముందుగా సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, మోటార్లు తీయించి, ఆ తీర్మానం ప్రతిని అర్జీకి జతచేస్తాయి. నా దృష్టిలో అర్జీకి జతచేసే కాగితాలన్నింటిలో ఎక్కువ బరువున్నది ఇదే. ఇళ్లవాళ్లు తమ వైపు పని పూర్తిచేశారని అది చెబుతుంది, నెపం ఇక అటువైపు మిగలదు.

కాగితం మీద ఎలా కనిపిస్తుంది

పై లెక్కనంతా అర్జీలోకి ఎక్కిస్తే దాని ముఖ్యభాగం ఇలా ఉంటుంది:

“గౌరవనీయులైన అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి,

విషయం: మా లేఅవుట్ 1, 2, 3 క్రాసులకు ప్రకటించిన వేళల మేరకు నీటి సరఫరా, 3వ క్రాసులో ప్రెషరు తనిఖీ కోరుతూ వినతి.

మా లేఅవుట్‌కు రోజు విడిచి రోజు ఉదయం 5 నుంచి 7 వరకు సరఫరా నిర్ణయించబడింది. మేము నమోదు చేసిన 28 రోజుల్లో మీరు ముందుగా ప్రకటించిన 2 నిలిపివేతలు పోగా, 12 సార్లకు 9 సార్లు సరఫరా జరిగింది. ఆ 9 సార్లలో సగటు వ్యవధి 70 నిమిషాలు. తేదీల వారీ పట్టిక అనుబంధం 1లో ఉంది.

1, 2 క్రాసుల ఇళ్ల వాల్వులు మూసి ఉంచిన సమయంలోనూ 3వ క్రాసు చివరి ఇంటి వద్ద ప్రెషరు పెరగలేదు. ఉభయ స్థలాల రీడింగులు అనుబంధం 2లో ఉన్నాయి.

కావున, ఒకటి, ప్రకటించిన 120 నిమిషాల సరఫరాను పునరుద్ధరించవలసిందిగా, రెండు, 3వ క్రాసు పైపును మా ప్రతినిధుల సమక్షంలో తనిఖీ చేయించి ఫలితాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.”

ఇందులో “తీవ్ర ఇబ్బందులు”, “వృద్ధులు, పిల్లలు నానా అవస్థలు” లాంటి మాటలు లేవని గమనించే ఉంటారు. అవి అబద్ధమని కాదు. చదివే అధికారి రోజూ అందుకునే ప్రతి అర్జీలోనూ అవే ఉంటాయి, ఆ మాటల మీద ఆయన సంతకం పెట్టగల ఉత్తర్వు ఏదీ లేదు. రెండో కోరికలోని “సమక్షంలో”, “లిఖితపూర్వకంగా” అన్న రెండు మాటల మీద మాత్రం ఆయన ఏదో ఒకటి రాయక తప్పదు.

ట్యాంకరు రసీదులు జతచేయాలా వద్దా అన్నదానిపై సంఘాల్లో రెండు అభిప్రాయాలున్నాయి. 2024 మార్చి కొరతలో బెంగళూరు జిల్లా యంత్రాంగం 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు గరిష్ఠంగా 1,000 రూపాయలని ధర కట్టింది. అలాంటి ధర పక్కన తాము కట్టిన రసీదులు పెడితే నష్టం రూపాయల్లో కనిపిస్తుందని ఒక వాదన. ట్యాంకరు తెప్పించుకోగలిగిన లేఅవుట్ ఇది, ఆగగలదు అని ఆఫీసు అనుకుంటుందని రెండో వాదన. తర్వాత పరిహారం అడిగే ఉద్దేశం ఉంటే రసీదులు కావాలి. వాల్వు సరిచేయించుకోవడమే ఉద్దేశమైతే వాటి పని తక్కువ.

ఏ భాషలో, ఎవరి సంతకంతో

తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న లేఅవుట్లలో ఈ చర్చ తప్పకుండా వస్తుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఎవరైనా అధికారికి వినతి సమర్పించుకోవచ్చు. కాబట్టి తెలుగులో రాసిన అర్జీని ఆ కారణంతో తిప్పి పంపే వీలు ఉండకూడదు. అయితే హక్కు ఉండడం వేరు, పని జరగడం వేరు. సబ్ డివిజన్‌లో ఫైలు నడిచేది కన్నడలో. కన్నడలో అసలు ప్రతి, పట్టికలు అంకెల్లో, సభ్యులు చదివి సంతకం పెట్టడానికి తెలుగు ప్రతి ఒకటి. సంతకం పెట్టే పెద్దాయనకు తాను దేనికి ఒప్పుకుంటున్నాడో తన భాషలో తెలియాలి కదా.

ప్రతి సంతకం పక్కన నీళ్ల బిల్లు మీదుండే ఆర్‌ఆర్ నంబరు రాస్తారు. సంతకం చేసింది బిల్లు కడుతున్న వినియోగదారుడని అది రుజువు చేస్తుంది. ఇక్కడే ఒక లోపం కూడా ఉంది. లేఅవుట్లో ఉండేవాళ్లలో చాలామంది అద్దెకున్నవాళ్లు, బిల్లు యజమాని పేరున ఉంటుంది. నీళ్లు లేక బిందెలతో తిరిగేది అద్దెవాళ్లయితే, సంతకం పెట్టేది ఎక్కడో ఉండే యజమాని. అద్దెవాళ్ల సంతకాలు విడి జాబితాగా, ఇంటి నంబరుతో జతచేసే పద్ధతి ఉంది. సంఘం నమోదైనదైతే నమోదు నంబరు, అర్జీ ఇవ్వాలన్న తీర్మానం ప్రతి జోడిస్తారు. నమోదు కాకపోయినా అర్జీ చెల్లుతుంది, అప్పుడది సంఘం అర్జీ కాక సంతకాలు చేసినవాళ్ల ఉమ్మడి అర్జీ అవుతుంది.

సంఘం మాట ఊరందరి మాటా అన్న ప్రశ్న దీనికన్నా పెద్దది. ఒక రిజర్వాయరు కింద నీళ్లు పరిమితం. మన లేఅవుట్‌కు 50 నిమిషాలు పెంచితే అవి ఎక్కడి నుంచో రావాలి. పట్టికలు వేసుకునే తీరిక, రాసిపెట్టే చదువు ఉన్న వీధి గట్టిగా అడిగితే, అవి లేని పక్క కాలనీ వంతు కుదించుకుపోయే అవకాశం ఉందని ఇంజనీర్లు అంటారు. అది తప్పించుకునే సాకుగా వాడే సందర్భాలూ ఉన్నాయి, నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. “ఎక్కువ ఇవ్వండి” అని కాక “మీరే ప్రకటించిన వేళలు పాటించండి” అని అడిగే అర్జీకి ఈ ఆక్షేపణ సులువుగా తగలదు, ఎందుకంటే ఆ వేళలు అందరికీ పంచాకే ప్రకటించినవి.

స్టాంపు పడ్డాక

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్తారు. ఒకటి ఆఫీసుకు, రెండోదాని మీద తేదీతో స్వీకృతి ముద్ర, ఇన్వర్డ్ నంబరు. చేతికిచ్చి “సార్‌కి చెప్పాను” అని తిరిగొచ్చేస్తే ఆ అర్జీ ఇచ్చినట్టు రుజువు లేదు. ముద్ర వేయమంటే సిబ్బంది విసుక్కోవడం కద్దు. అలాంటప్పుడు రిజిస్టర్డ్ పోస్టు ఉండనే ఉంది.

జవాబు రాకపోతే తర్వాతి మెట్టు సమాచార హక్కు దరఖాస్తు. ఇక్కడ చాలామంది తడబడతారు. “నీళ్లు ఎందుకు రావడం లేదు?” అన్నది చట్టం దృష్టిలో సమాచారం అడగడం కాదు, సంజాయిషీ అడగడం. ఆఫీసు దగ్గర ఇప్పటికే ఉన్న కాగితం అడగాలి. ఫలానా తేదీల మధ్య మా వాల్వు తెరిచిన, మూసిన సమయాల నమోదు ప్రతి, మా ఇన్వర్డ్ నంబరు అర్జీపై ఫైలులో రాసిన నోట్ల ప్రతి. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాలు మించకుండా ఉండాలి, ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. వాల్వు నమోదు పుస్తకం వచ్చి, అందులో “5 నుంచి 7” అని ప్రతి రోజూ ఒకే చేతిరాతతో ఉంటే, దాని పక్కన సంఘం మీటరు రీడింగులు పెట్టి చూడొచ్చు. నమోదు పుస్తకమే లేదని జవాబు వస్తే అదీ పనికొచ్చే జవాబే, వేళలు పాటిస్తున్నారని చెప్పడానికి వాళ్ల దగ్గర ఆధారం లేదన్నమాట.

ఆపై హైకోర్టు. 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, కాలుష్యం లేని నీరూ గాలీ పొందడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అంది. ఆ మాటను చాలా సంఘాలు అర్జీలో ఉదహరిస్తాయి. కానీ రోజు విడిచి రోజు రెండు గంటలు ఇవ్వాలని ఆ తీర్పు చెప్పదు, 150 లీటర్ల మాన్యువల్ కూడా సూచనే గాని చట్టం కాదు. జలమండలి తరఫు వాదన సాధారణంగా ఇక్కడే నిలబడుతుంది. పైగా ఫలానా పని చేయమని అధికారిని ఆదేశించే ముందు, ఆ పని చేయమని పిటిషనర్ స్వయంగా అడిగాడా, అధికారి కాదన్నాడా లేక మౌనంగా ఉన్నాడా అని కోర్టు చూస్తుంది. స్వీకృతి ముద్ర ఉన్న ఆ పాత అర్జీ అప్పుడు బయటికి తీస్తారు.

ఇలాంటి కేసుల్లో కోర్టు తరచూ ఇచ్చే ఉత్తర్వు కూడా గుర్తుంచుకోవాలి: “పిటిషనర్ సమర్పించిన వినతిని ఇన్ని వారాల్లో పరిశీలించి నిర్ణయం తీసుకోండి.” అంటే వకీలు ఎంత గట్టిగా వాదించినా అధికారి ముందుకు మళ్లీ వచ్చేది సంఘం మొదట రాసిన ఆ కాగితమే. అందులో “తగు చర్య తీసుకోగలరు” అని ఉంటే, వాల్వు ఒకసారి తిప్పి చూసి చర్య తీసుకున్నామని రాసినా ఉత్తర్వు అమలైనట్టే. అందులో 120 నిమిషాలు, మూడో క్రాసు, ప్రతినిధుల సమక్షంలో తనిఖీ, లిఖితపూర్వక ఫలితం అని ఉంటే ఆ నాలుగింటికీ అధికారి విడివిడిగా జవాబు రాయాలి.